రీకాల్ కాదు, హోల్డ్ అడగండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చూస్తున్న గుమాస్తాను. దొంగ మెయిల్ నమ్మి బ్యాంకు ద్వారా డబ్బు పంపి మా మిల్లు పడిన నష్టం గురించి రాస్తున్నాను. తప్పులో నా వాటా కూడా ఉంది, అది దాచను. పత్తి సీజన్ మొదలైతే మా ఊళ్లో ప్రతి మిల్లూ, ప్రతి కమీషన్ కొట్టూ రోజుకు లక్షల్లో ఆర్టీజీఎస్‌లు కొడుతుంది. మాకు తగిలిన దెబ్బ ఇంకొకరికి తగలడానికి ఎంతోసేపు పట్టదు.

సీజన్‌కు ముందు జిన్ మెషిన్ల రోలర్లు మార్చుకోవాలి. గుజరాత్‌లో ఒక పాత సప్లయర్ దగ్గర ఆర్డర్ ఇచ్చాం. 6,84,000 రూపాయలకు ప్రొఫార్మా బిల్లు మెయిల్‌లో వచ్చింది. రెండు రోజులకు అదే మెయిల్ వరుసలో, మేము రాసిన మాటల కిందే, ఇంకో జవాబు వచ్చింది. ఆడిట్ వల్ల పాత ఖాతా ఆపేశాం, ఈ కొత్త ఖాతాకు వేయండి అని. దానికి జతచేసిన పీడీఎఫ్ అచ్చం పాతదే. లోగో, జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, పైసలతో సహా మొత్తం, అన్నీ సరిపోయాయి. మారినవి రెండే. ఒకటి బ్యాంకు వివరాలు. రెండోది లెటర్‌హెడ్‌లో ఫోన్ నంబరు చివరి రెండు అంకెలు. ఆ రెండోది నేను చూసింది డబ్బు పోయాక. అనుమానమొచ్చి ఆ బిల్లు మీది నంబరుకే ఫోన్ చేసి ఉంటే దొంగే ఎత్తి, "అవును సార్, అదే మా కొత్త ఖాతా" అనేవాడు.

మెయిల్ అడ్రసు కూడా తర్వాతే నిదానంగా చూశాను. సప్లయర్ పేరులో m ఉన్నచోట వాడు r, n పక్కపక్కన పెట్టాడు. rn అని కలిపి చదివితే m లాగే ఉంటుంది, నా కళ్లద్దాలకైతే మరీను. ఆ పేరు మీద వాడు నిజంగానే డొమైన్ కొనుక్కున్నాడు. అందుకే అది స్పామ్‌లో పడలేదు, ఏ హెచ్చరికా రాలేదు. మెయిల్ ఏ డొమైన్ పేరుతో వచ్చిందో నిజంగా అక్కడి నుంచే వచ్చిందా అన్నంతవరకే ఆ తనిఖీలు చెబుతాయి. ఆ డొమైన్ మీ సప్లయర్‌దేనా అన్నది వాటి పని కాదు.

అది రెండో శనివారం. బ్యాంకులకు సెలవు, కానీ ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. ఉదయం 11.42కు డబ్బు పంపాను, యజమాని తన ఫోన్‌లో ఓటీపీ కొట్టి ఒప్పుకున్నారు. కొత్త ఖాతా ఎక్కించేటప్పుడు స్క్రీన్ మీద ఖాతాదారు పేరు కనిపించింది. కంపెనీ పేరు కాదు, ఎవరో ఒక మనిషి పేరు. పార్ట్‌నర్‌ది అయ్యుంటుందిలే అనుకుని ముందుకు నొక్కాను. ఈ పేరు చూపే సౌకర్యాన్ని ఆర్టీజీఎస్, నెఫ్ట్ రెండింటికీ 2025 ఏప్రిల్ 1 నాటికి తెమ్మని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది. దాని విలువ తెలియక నేను దాటేశాను. చాలామంది వ్యాపారులకు తెలియని సంగతి ఇంకోటి ఉంది. మనం పేరు ఏం టైపు చేసినా డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టే. కంపెనీ పేరు శుభ్రంగా రాశాం కదా, తేడా ఉంటే వెనక్కి వస్తుందిలే అనుకోవడం ఉత్త భ్రమ.

మధ్యాహ్నం 2.20కి సప్లయర్ మనిషే ఫోన్ చేశాడు. "అన్నా, లారీ రెడీగా ఉంది, పేమెంట్ ఎప్పుడేస్తారు?" అన్నాడు. నా కాళ్లు వణికాయి.

ఆ తర్వాత 45 నిమిషాలు నేను చేసినవన్నీ తప్పులే. మొదటి ఇరవై నిమిషాలు సప్లయర్‌తో, మీ మెయిల్ హ్యాక్ అయిందంటే మీదే అయిందని వాదులాట. తర్వాత బ్రాంచి మేనేజరుకు ఫోన్. ఆయన మంచివారే, ఏదో పెళ్లిలో ఉన్నారు. "సోమవారం లెటర్ ఇవ్వండి, రీకాల్ పెడదాం" అన్నారు. ఆ మాటకు నాకు కాస్త ధైర్యం వచ్చింది కూడా. రాకూడదు. పార్సిల్‌ను దారిలో ఆపి తిప్పి పంపినట్టు డబ్బును తిప్పడం ఆర్టీజీఎస్‌లో లేదు. అవతలి ఖాతాలో పడిందంటే పడినట్టే. మన బ్యాంకు చేయగలిగింది అవతలి బ్యాంకును అడగడం. ఆ బ్యాంకు తన ఖాతాదారు ఒప్పుకోకుండానో, పోలీసు, కోర్టు అధికారం లేకుండానో ఆ డబ్బు తీసి ఇవ్వదు. మనం "పొరపాటున వేరే ఖాతాకు పంపాను" అని రాసిస్తే, అవతలి బ్రాంచి మర్యాదగా ఆ ఖాతాదారుకే ఫోన్ చేసి, తిరిగి ఇస్తారా అని అడుగుతుంది. దొంగకు మనమే కబురు పంపినట్టు.

ఆ మాట నాకు చెప్పింది బ్యాంకు టోల్‌ఫ్రీలో మాట్లాడిన అమ్మాయి. "పొరపాటా సార్, మోసమా? మోసమైతే మోసమనే చెప్పండి, దారి వేరు" అంది. మా దగ్గర మోసం కింద ఫిర్యాదు నమోదు చేసుకుంటాం, మీరు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి అని కూడా ఆమే అంది. 3.05కి చేశాను. లైన్ దొరకడానికి నాలుగైదు సార్లు పట్టింది. విసుగుతో ఫోన్ పక్కన పెట్టేయకూడదు.

వాళ్లు అడిగేవి తక్కువే. మన ఖాతా, బ్యాంకు, డబ్బు వెళ్లిన ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, మొత్తం, తేదీ, గంట, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు. ఆర్టీజీఎస్ యూటీఆర్ 22 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, స్టేట్‌మెంట్ తెరిచి, చదవబోయి రెండుసార్లు తప్పు చెప్పాను. ముందే కాగితం మీద రాసుకుని కూర్చుంటే రెండు నిమిషాల పని. ఫిర్యాదు నంబరు ఎస్ఎంఎస్‌లో వస్తుంది. దానితో ఇరవై నాలుగు గంటల్లోగా cybercrime.gov.in లో పూర్తి వివరాలు నింపాలి. చాలామంది ఫోన్ చేశాం కదా అని ఇది వదిలేస్తారు.

1930లో చెప్పిన వివరం ఆన్‌లైన్‌లో మన బ్యాంకుకు, అక్కడి నుంచి డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తుంది. డబ్బు ఇంకా అక్కడుంటే ఆ మేరకు కదలకుండా ఖాతా మీద హోల్డ్ పెడతారు. కదిలి ఉంటే అది వెళ్లిన తర్వాతి బ్యాంకుకు అదే ఫిర్యాదు వెంబడిస్తుంది. ఇక్కడ మనల్ని కాపాడేది ఒకటుంది. దొంగ వాడుకునే అద్దె ఖాతాకూ రోజువారీ పరిమితులు ఉంటాయి. ఆరేడు లక్షలు ఒక్క దెబ్బకు ఏటీఎంలో తీయలేడు, ముక్కలు ముక్కలుగా పంపాలి.

మా విషయంలో ఏం జరిగిందో తర్వాత పోలీసులు స్టేట్‌మెంట్ తెప్పించి చూపించారు. 12.10కి 2,00,000 రెండు ఖాతాలకు వెళ్లింది. 2.40కి ఇంకో 1,20,000. నేను సప్లయర్‌తో వాదులాడి ఫోన్ పెట్టేసిన సమయం అది. 3.30 దాటాక హోల్డ్ పడేసరికి మొదటి ఖాతాలో 3,64,000 మిగిలింది. కదిలిన దాంట్లో ఇంకో 38,000 రెండో వరుస ఖాతాల్లో దొరికింది. మొత్తం 4,02,000 ఆగింది. 2,82,000 పోయింది. ఆగిన డబ్బయినా చేతికి రావాలంటే మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు కావాలి. పిటిషన్ వేశాం, నడుస్తోంది.

మూడు రోజుల్లో చెబితే బ్యాంకే భరిస్తుందట కదా అని మా యజమానితో సహా చాలామంది అడిగారు. అది 2017 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు, మనకు తెలియకుండా జరిగిన లావాదేవీలకు. ఇక్కడ ఓటీపీ కొట్టింది మనమే కాబట్టి దాన్ని పట్టుకుని అడగలేకపోయాం.

ఇంతకూ ఎవరి మెయిల్‌లో దొంగ దూరాడు? మాదే. సోమవారం మా అకౌంటు సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఒక ఫిల్టర్ ఉంది. invoice అనే మాట ఉన్న మెయిల్స్ అన్నీ ముక్కూమొహం తెలియని అడ్రసుకు ఫార్వర్డ్ అవుతున్నాయి. పాస్‌వర్డ్ మిల్లు పేరు, పక్కన 123. పెట్టింది నేనే. సప్లయర్‌కు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే ఆ ఫిల్టర్ అలాగే పనిచేస్తూ ఉండేది, దాన్ని విడిగా తీసేయాలి. తీసే ముందు ఫోటో తీసుకోవాలి, అది సాక్ష్యం. ఆ దొంగ మెయిల్‌ను కూడా నేను కోపంతో డిలీట్ చేయబోయాను. పోలీసులకు కావలసింది అసలు మెయిలే. ఫార్వర్డ్ చేస్తే అది వచ్చిన దారి వివరాలు అందులో మిగలవు.

మీ పత్రిక ద్వారా అధికారులను కొన్ని అడగదలిచాను. ఆర్టీజీఎస్ సెలవుల్లోనూ నడుస్తున్నప్పుడు, "సోమవారం రండి" అనే జవాబు బ్రాంచిల్లో ఉండకూడదు. ప్రతి మేనేజరుకూ ఫోన్‌లోనే "ముందు 1930కి చేయండి" అనేంత శిక్షణ ఉండాలి. కొత్త ఖాతా ఎక్కించేటప్పుడు పేరు తేడాగా ఉంటే బూడిద రంగు చిన్న అక్షరాల్లో చూపించి ఊరుకోకుండా, ఆ పేరును మనచేతే మళ్లీ టైపు చేయించాలి. నేనైతే అక్కడే ఆగేవాణ్ణి. ఫిర్యాదు పట్టుకుని వెళ్తే ఒక స్టేషన్‌లో "కర్నూలు సైబర్ వాళ్ల దగ్గరికి పోండి" అన్నారు. పేరు రాయను. ఆ పూట నూరు కిలోమీటర్ల ప్రయాణం అయ్యాక గానీ కాగితం తీసుకోలేదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని చట్టం చెబుతోంది, జిల్లా ఎస్పీ గారు మళ్లీ ఒకసారి చెప్పిస్తే మేలు.

మార్కెట్ యార్డులో పత్తి ధరల బోర్డు పక్కన 1930 అంకెలు పెద్దగా రాయించమని కమిటీ వారిని కూడా కోరుతున్నాను. మా మిల్లులో నా బల్ల ఎదుట గోడ మీద రాయించేశాం. దాని కింద సప్లయర్ల పాత ఫోన్ నంబర్ల పట్టీ ఉంది. ఖాతా మారిందని ఎవరు రాసినా ఆ పట్టీలోని నంబరుకే చేసి, తెలిసిన గొంతు వినిపించాకే డబ్బు కదులుతుంది. రోలర్ల డబ్బు మాత్రం మళ్లీ కట్టాం.

ఇట్లు,
ఒక జిన్నింగ్ మిల్లు గుమాస్తా,
ఆదోని, కర్నూలు జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)