ఫిర్యాదు: యాప్‌లో లాభం, నా లెడ్జర్‌లో నష్టం, ఐదు వారాలుగా జవాబు లేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నేను 2013 నుంచి మీ దగ్గరే ఖాతా నడుపుతున్నాను. తక్కువ బ్రోకరేజీ ఇస్తామని వేరేవాళ్లు ఎంత పిలిచినా వెళ్లలేదు. నా మాటతో మా బజారులో ఇంకో నలుగురు మీ దగ్గర ఖాతాలు తెరిచారు. అలాంటి నన్ను ఐదు వారాలుగా ఒక్క ప్రశ్న కోసం తిప్పుతున్నారు.

ఒక షేరు పడుతూ ఉంటే మూడుసార్లు కొన్నాను. 400 రూపాయలకు 100, 340కి 100, 300కి 200. మూడోసారి కొనమని ఫోన్ చేసింది మీ రిలేషన్‌షిప్ మేనేజరే. "బాగా తగ్గింది సార్, యావరేజ్ చేసుకోండి" అన్నారు. మీ యాప్ సగటు ధర 335 చూపించింది. షేరు 336కి రాగానే, 400 రూపాయల లాభంతో బయటపడ్డాననుకుని అన్నీ అమ్మేశాను. లెడ్జర్ చూస్తే 864 రూపాయలు పోయాయి.

మొదటిసారి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అరగంట పాట వినిపించి, యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాను, అదే 335. రెండోసారి ఎత్తినాయన కాంట్రాక్ట్ నోట్లు మెయిల్‌లో ఉంటాయనీ, పాన్ నంబరే పాస్‌వర్డ్ అనీ చెప్పారు. అవి నా ముందే ప్రింట్ తీసి ఉన్నాయని చెప్తున్నా వినకుండా అదే మాట మూడుసార్లు చెప్పి పెట్టేశారు. మూడోసారి మాట్లాడిన అమ్మాయి 400, 340, 300 కలిపి మూడుతో భాగించి, నా సగటు 346.67 అని తేల్చింది. ఆఖరిసారి 200 షేర్లు కొన్నానమ్మా, ఆ ధరకి రెండింతల బరువు ఉంటుంది కదా అంటే, "సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్" అంది. సిస్టమ్‌లో 335 ఉందని నేనే చెప్పాల్సి వచ్చింది. ఈమెయిల్ పెడితే రెండు రోజులకు "సమస్య పరిష్కరించాం" అని టికెట్ మూసేసి, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు. కొనమని రోజూ ఫోన్ చేసిన మేనేజర్ ఇప్పుడు నా నంబర్ చూస్తే ఎత్తడం లేదు.

మీరెవరూ చెప్పలేదు కాబట్టి లెక్క నేనే వేశాను. నాది ఎరువుల కొట్టు. బస్తా కొన్న ధరకి లారీ కిరాయి, హమాలీ కలిపితే గానీ అసలు ధర తెలియదు. ఇదీ అంతే. ప్రతి కాంట్రాక్ట్ నోటులో చివర నేను కట్టాల్సిన నికర మొత్తం ఉంటుంది. బ్రోకరేజీ, దాని మీద జీఎస్టీ, ఎస్‌టీటీ, స్టాంప్ డ్యూటీ, ఎక్స్చేంజ్ చార్జీలు అన్నీ అందులో కలిసే ఉంటాయి. నా మూడు నోట్లలో అవి 40,189.05, 34,160.59, 60,283.57. మొత్తం 1,34,633.21. దాన్ని 400 షేర్లతో భాగిస్తే 336.58. అంటే 336కి అమ్మిన రోజున నేను కొన్న ఖర్చే ఇంకా రాలేదు.

అక్కడితోనూ అయిపోదు. అమ్మేటప్పుడు మళ్లీ 0.3 శాతం బ్రోకరేజీ, జీఎస్టీ, ఎస్‌టీటీ ఉంటాయి. స్టాంప్ డ్యూటీ కొనేటప్పుడే కాబట్టి అది ఉండదు. అన్నీ కలిపి వందకు దాదాపు 46 పైసలు. పైగా డీపీ చార్జీ 15.93 ఉంది. అది కాంట్రాక్ట్ నోటులో కనిపించదు, లెడ్జర్‌లో విడిగా పడుతుంది. నోట్లు మాత్రమే చూసుకునేవాళ్లు తప్పేది ఇక్కడే. 1,34,633.21కి ఆ 15.93 కలిపి, 0.9954తో భాగించి, మళ్లీ 400తో భాగిస్తే 338.18 వస్తుంది. ఆ ధర దాటితేనే నాకు లాభం. మీ యాప్ చూపించిన దానికంటే 3 రూపాయల 18 పైసలు ఎక్కువ. ఆదాయపు పన్నుకి ఎస్‌టీటీ ఖర్చుగా చూపకూడదు కాబట్టి ఆ లెక్క వేరు, దాన్ని దీనితో కలిపి నన్ను మళ్లీ తికమక పెట్టకండి.

864 రూపాయలకి నా కొట్టు మూతపడదు. కానీ "ఆ సగటులో చార్జీలు కలపలేదు సార్" అనే ఒక్క వాక్యం చెప్పేవాళ్లు మీ దగ్గర ఒక్కరూ లేకపోయారు. పన్నెండేళ్లకు పైగా బ్రోకరేజీ కట్టినవాడికి ఇచ్చే మర్యాద ఇదేనా?

పైన వేసిన లెక్క తప్పో ఒప్పో పేరు, హోదా ఉన్న అధికారి సంతకంతో నాకు రాసి పంపాలి. యాప్‌లో ఆ సగటు ధర పక్కనే చార్జీలు కలపలేదని తెలుగులో కూడా పెట్టాలి. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే సెబీ వారి స్కోర్స్‌లో ఫిర్యాదు పెడతాను. ఆ మూడు నోట్లు, లెడ్జర్ కాపీ, మీరు మూసేసిన టికెట్ నంబర్ అన్నీ జతచేస్తాను. షేర్లు వేరే డీమ్యాట్‌కి మార్చుకునే ఫారం కూడా నింపి పెట్టుకున్నాను. మా బజారులో ఆ నలుగురూ ఈ ఉత్తరం చదివారు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు