బీపీ బిళ్ళ పెట్టెలోని కాగితం

చిన్నా,

గోళ్ళు ఊడతాయంట, చెవుల్లో హోరు వస్తుందంట, ఇక ఈ బిళ్ళ వేసుకోను నాన్నా అని రాత్రి నువ్వు ఫోన్లో అన్నాక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే మన మందుల షాపు తెరిచి, నీకు రాసిన రామిప్రిల్ పెట్టెలోని కాగితం కౌంటరు మీద పరుచుకుని కూర్చున్నాను.

అన్నీ ఒకే సైజు చిన్న అక్షరాలు కాబట్టి నీకు అన్నీ ఒకేలా కనిపించాయి. సైడ్ ఎఫెక్టుల ఒక్కో గుంపు మీద ఒక్కో మాట ఉంటుంది చూడు. 'అరుదు' అంటే వెయ్యిమందిలో ఒకరికి మించి రానిది. నీ గోళ్ళూ చెవుల హోరూ అక్కడే ఉన్నాయి. వస్తే డాక్టరుకు చెప్పు, రాకముందే టెన్షన్ పడకు. 'సాధారణం' అంటే వందలో ఒకరి నుంచి పదిమంది వరకు వచ్చేది. నువ్వు చదవకుండా దాటేసిన పొడి దగ్గు అందులో ఉంది. నీకు నిజంగా వచ్చే అవకాశం ఉన్నది అదే. గొంతులో గరగర, కళ్ళె రాదు, సిరప్పులకు తగ్గదు. దానికి కంగారు అక్కర్లేదు గానీ నీ అంతట నువ్వు బిళ్ళ ఆపకు, బీపీ మళ్ళీ పెరుగుతుంది. డాక్టరు వేరే రకం మందు రాస్తారు. ఆ తర్వాత కూడా దగ్గు పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

అయితే తక్కువమందికి వచ్చేదల్లా వదిలేయదగ్గది కాదు నాన్నా. 'వెంటనే ఆపి డాక్టరును కలవండి' అని విడిగా రాసినచోట పెదవులు, నాలుక, మొహం, గొంతు వాపు ఉంటుంది. వచ్చేది కొద్దిమందికే, కానీ అది ఊపిరికి అడ్డం పడుతుంది. మన లంక రైతు ఒకాయన ఓ పొద్దున పై పెదవి బూరెలా ఉబ్బి షాపుకొచ్చాడు. దురద లేదు, దద్దుర్లు లేవు. తోటలో ఏదో కుట్టిందనుకుని అలర్జీ బిళ్ళ ఇమ్మన్నాడు. ఏం మందులు వాడుతున్నావని అడిగితే ఈ జాతి బిళ్ళే, ఏడాదిగా వేసుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ రానిది ఇప్పుడొస్తుందా అన్నాడు. వస్తుంది. మాట అప్పటికే ముద్దగా వస్తోంది. అలర్జీ బిళ్ళ ఇవ్వకుండా ఆటో ఎక్కించి అమలాపురం ఆసుపత్రికి పంపాను. ఈ వాపు మామూలు అలర్జీ మందులకు సరిగా లొంగదు. నీకు పెదవి కొంచెం ఉబ్బినా తెల్లారేదాకా ఆగకు, 108కి ఫోన్ చెయ్యి.

ఇంకొకటి. ఈ బిళ్ళ ఒంట్లో పొటాషియం పెంచగలదు. కొబ్బరినీళ్ళలోనూ పొటాషియం ఎక్కువే. ఇంటికొచ్చినప్పుడు రోజుకు నాలుగేసి బోండాలు తాగేస్తావు కదా, రక్తపరీక్షలో కిడ్నీలు, పొటాషియం ఎలా ఉన్నాయో చూసి డాక్టరు సరేననేదాకా అలా తాగకు.

దగ్గు మొదలైతే ఏ తేదీన మొదలైందో కేలండరు మీద రాసిపెట్టు. డాక్టరు ముందుగా అడిగేది అదే.

మీ నాన్న