పిల్లల బ్యాట్ బిల్లు మీద సైజు, కర్ర పేరు రాయాలి

సంపాదకులు గారికి,

వేసవి క్రికెట్ శిబిరాల కోసం పిల్లలకు బ్యాట్లు కొనే తల్లిదండ్రులు దుకాణంలో ముందు స్టిక్కర్ చూస్తారు, తర్వాత గ్రిప్ పట్టుకుని చూస్తారు. బ్యాట్‌లో ఐదు నిమిషాల్లో మార్చేయగలిగేవి ఆ రెండే. స్టిక్కర్ల సెట్టు, రబ్బరు గ్రిప్పు విడిగా కూడా దొరుకుతాయి. పైగా స్టిక్కర్ మీది పేరు తయారీదారుది కానక్కరలేదు. ఎంఆర్ఎఫ్ చెన్నైకి చెందిన టైర్ల కంపెనీ. సచిన్, కోహ్లీ బ్యాట్ల మీద ఆ మూడక్షరాలు కనిపించింది ప్రచారం కోసం. ఆ పేరు చూసినంత మాత్రాన అది ఏ కర్రో, ఎవరు చెక్కారో తెలియదు.

స్టిక్కర్‌ను కొంతవరకు పరీక్షించవచ్చు. అంచు దగ్గర గోటితో తడమండి. కింద ఇంకో స్టిక్కర్ అంచు తగిలినా, పాత జిగురు మరక కనిపించినా అది పేరు మార్చుకున్న బ్యాటే. ముందువైపు పెద్ద స్టిక్కర్ కింద కర్రలోని ముడి దాగి ఉండొచ్చు. అందుకే బ్యాట్‌ను పక్కకు తిప్పి, అంచుల వెంట, కింది చివర కూడా చూడాలి. తర్వాత గ్రిప్‌ను కింది నుంచి రెండంగుళాలు పైకి చుట్టమనండి. లోపల దారం వరుసలు ఒకదానికొకటి ఆనుకొని బిగువుగా ఉండాలి. హ్యాండిల్ బ్లేడులోకి దిగే వి ఆకారపు అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక ఉన్నా తీసుకోవద్దు. కొన్నాళ్లకు హ్యాండిల్ ఊగేది అక్కడే. గ్రిప్ చుట్టనివ్వని దుకాణంలో కొనకపోవడమే మేలు.

కర్ర సంగతికొస్తే, ఇంగ్లిష్ విల్లో తెల్లగా ఉంటుంది, గీతలు నిలువుగా స్పష్టంగా కనిపిస్తాయి. కశ్మీర్ విల్లో కాస్త గోధుమ రంగులో, సాధారణంగా కొంచెం బరువుగా ఉంటుంది. చవక బ్యాట్లలో పాప్లర్ కర్ర కూడా వాడతారు. అదీ తెల్లగానే ఉంటుంది కాబట్టి రంగొక్కటే చూసి ఇంగ్లిష్ విల్లో అనుకోవద్దు. నేర్చుకునే పిల్లాడికి కశ్మీర్ విల్లో సరిపోతుంది. మోసం ఒకటి చెప్పి ఇంకొకటి అమ్మడంలోనే ఉంది.

అయితే నకిలీ స్టిక్కర్ కంటే తప్పు సైజే పిల్లాడి ఆటను ఎక్కువగా పాడుచేస్తుంది. దీనికి ఒక పేరు కూడా కారణం. 'షార్ట్ హ్యాండిల్' అని రాసి ఉంటే పొట్టి పిల్లలకనుకుంటారు. నిజానికి అది పెద్దవాళ్ల మామూలు సైజు. పిల్లలవి 1 నుంచి 6 వరకు అంకెలతో ఉంటాయి, ఆ తర్వాత హ్యారో, దాని తర్వాత షార్ట్ హ్యాండిల్.

పదకొండేళ్ల అబ్బాయి, ఎత్తు 4 అడుగుల 8 అంగుళాలు అనుకుందాం. కంపెనీని బట్టి అంగుళం అటూ ఇటూ అయినా, అతనికి తగినది 4వ సైజు. 'రెండేళ్లు వస్తుందిలే' అని 6వ సైజు కొంటే బ్యాట్ సుమారు రెండంగుళాలు పొడవవుతుంది, బరువూ పెరుగుతుంది. చొక్కాలు వదులుగా కుట్టించినట్టు బ్యాట్లు కొనకూడదు. పొడవైన బ్యాట్ పొట్టకు అడ్డం పడుతుంటే పిల్లాడు హ్యాండిల్‌ను కిందకు జరిపి పట్టుకుంటాడు. బరువును పైచెయ్యి మోయలేదు కాబట్టి కింది చెయ్యి లాగుతుంది. దాంతో నిటారుగా రావలసిన బ్యాట్ అడ్డంగా వస్తుంది. శిక్షకుడు ఎన్నిసార్లు 'మోచెయ్యి ఎత్తు' అన్నా ఫలితం ఉండదు.

దుకాణంలోనే రెండు పరీక్షలు చేయవచ్చు. బూట్లు వేయించి, బ్యాట్‌ను కాలి పక్కన నిలబెడితే హ్యాండిల్ కొస తొడ పైభాగానికి, తుంటి కీలు దగ్గరకు రావాలి. నడుము దాటితే పెద్దదే. తర్వాత పైచేత్తో, అంటే కుడిచేతి వాటమైతే ఎడమచేత్తో, బ్యాట్‌ను భుజం ఎత్తున ముందుకు చాపమనండి. పది లెక్కపెట్టేలోగా కొస కిందకు వాలితే ఆ బరువు వద్దు. గ్రిప్ మీద గ్రిప్ ఎక్కించి ఉంటే ఒకటి తీయించండి. హ్యాండిల్ లావైతే చిన్న వేళ్లు చుట్టూ అందవు.

అధికారులు చేయగలిగిందీ ఉంది. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. సీజనుకు ముందు ఆ శాఖ క్రీడా సామగ్రి దుకాణాలను తనిఖీ చేయాలి. దుకాణదారులు బిల్లుపై 'బ్యాట్-1' అని వదిలేయకుండా కంపెనీ, కర్ర, సైజు, బరువు రాయాలి. అలా రాసిన బిల్లు చేతిలో ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేసే ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది. పాఠశాలలకు కిట్లు కొనేవారు కూడా టెండరులో అన్నీ పెద్ద సైజు బ్యాట్లే కాకుండా 4, 5, 6 సైజులు విడివిడిగా ఎన్నెన్ని కావాలో పేర్కొనాలి.

- ఒక క్రికెట్ శిక్షకుడు, గుంటూరు