ఏటవాలు నెక్‌లైన్‌ను అడ్డగీతగా చూపుతున్న మీ ప్యాటర్న్ టూల్‌పై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కస్టమర్ ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మీ యాప్‌లోని ప్యాటర్న్ టూల్ హెడ్ అండ్ షోల్డర్స్‌ను ముందుగానే ఖరారు చేయడం, టార్గెట్‌ను తప్పుగా లెక్కించడం గురించి.

అయ్యా,

నేను మీ యాప్‌కు ఏడాది చందా కట్టిన కస్టమర్‌ని. ఇక్కడ పర్లాకిమిడిలో మందుల షాపు నడుపుతాను. పాతపట్నంలో ఉండే మా బావమరిది కూడా నా మాట మీదే మీ దగ్గర చందా కట్టాడు. ఈ ఫిర్యాదు మా ఇద్దరి తరఫున. మొదట ఫోన్ చేస్తే నా పిన్ కోడ్ చూసి కాబోలు, ఒడియా మాట్లాడే అమ్మాయికి కలిపారు. బజార్లో రోజూ మాట్లాడే భాషే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ నేను నెక్‌లైన్ సంగతి ఎత్తగానే ఆమె "టార్గెట్లు సూచనప్రాయం మాత్రమే సార్" అని ఫోన్ పెట్టేశారు. నేను అడిగింది టార్గెట్ ఎందుకు రాలేదని కాదు. లెక్క ఎందుకు తప్పిందని.

చార్ట్ స్క్రీన్‌షాట్లు జతచేశాను. షేరు పేరు వాటిలోనే ఉంది, ఇక్కడ అంకెలు మాత్రమే రాస్తున్నాను. ఆ షేరు 310 దగ్గర నుంచి నెలల తరబడి పెరుగుతూ వచ్చింది. 452 దగ్గర ఎడమ భుజం కట్టి 420కి దిగింది. అక్కడి నుంచి లేచి 480 దాకా వెళ్లింది, అదే తల. మళ్లీ 432కి దిగి, 455 వరకే లేవగలిగింది, అది కుడి భుజం. వాల్యూమ్ కూడా పాఠంలో చెప్పినట్టే ఉంది: ఎడమ భుజం కట్టేటప్పుడు భారీగా, తల దగ్గర కొంచెం తక్కువగా, కుడి భుజం దగ్గర బాగా పలచబడి. ముందు పెద్ద పెరుగుదల ఉంది, మూడు శిఖరాలు ఉన్నాయి, నడిమిది ఎత్తుగా ఉంది. ఇంతవరకు మీ టూల్ గుర్తించినదాంట్లో నాకు పేచీ లేదు.

పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. కుడి భుజం నుంచి ధర 446కి జారగానే "హెడ్ అండ్ షోల్డర్స్ ఖరారైంది, టార్గెట్ 360" అని అలర్ట్ వచ్చింది. ఆ రోజు నెక్‌లైన్, అంటే రెండు పల్లాలనూ కలిపే గీత, ఎక్కడుందో చూడండి. 420 దగ్గరి పల్లానికీ 432 దగ్గరి పల్లానికీ మధ్య 24 ట్రేడింగ్ రోజులు. అంటే ఆ గీత రోజుకు అర్ధ రూపాయి చొప్పున పైకి ఎక్కుతోంది. అలర్ట్ వచ్చిన రోజు, అంటే మొదటి పల్లం నుంచి 38వ రోజున, అది 439 దగ్గర ఉంది. ధర ఇంకా దానికి ఏడు రూపాయలు పైనే ఉంది. నెక్‌లైన్ కింద క్లోజ్ కానంతవరకు అది పూర్తయిన ప్యాటర్న్ కాదు. అక్కడి నుంచి ధర లేచి కుడి భుజాన్ని దాటేసి ఉంటే, ఈ మూడు శిఖరాలకూ ఏ అర్థమూ మిగిలేది కాదు. నిజంగా నెక్‌లైన్ తెగింది 44వ రోజున. గీత 442 దగ్గర ఉండగా క్లోజింగ్ 438, వాల్యూమ్ కూడా ఒక్కసారిగా పెరిగింది. ఖరారు అనే మాటకు తగిన రోజు అది.

ఇంకో విచిత్రం ఏమిటంటే, మీ టూల్ గీసిన నెక్‌లైన్ అసలు ఏటవాలుగానే లేదు. రెండు పల్లాల్లో కిందిది పట్టుకుని 420 దగ్గర అడ్డంగా గీసింది. ఆ గీతే నెక్‌లైన్ అనుకుంటే, ధర 446లో ఉండగా దేన్ని చూసి ఖరారు చేశారు?

ఇక టార్గెట్. తల శిఖరం నుంచి నిట్టనిలువుగా కిందికి గీత దించితే, ఆ రోజున నెక్‌లైన్ ఎక్కడుంటే అక్కడిదాకా ఉన్న దూరమే ఎత్తు. తల శిఖరం ఏర్పడింది 12వ రోజున. ఆనాటికి నెక్‌లైన్ 426. కాబట్టి ఎత్తు 480 లోంచి 426 తీసేస్తే 54. ఈ 54ను నెక్‌లైన్ తెగిన చోటి నుంచి, అంటే 442 నుంచి తీసేయాలి. వచ్చేది 388. మీ టూల్ ఏం చేసిందంటే, తల నుంచి 420 దాకా కొలిచి ఎత్తు 60 అంది. మళ్లీ ఆ 420 లోంచే 60 తీసేసి 360 అంది. ఎత్తులో ఆరు రూపాయలు ఎక్కువ, మొదలుపెట్టిన చోటులో 22 రూపాయలు తక్కువ. రెండూ ఒకే వైపు కలిసి 28 రూపాయల తేడా.

ఇది ఇన్నాళ్లూ మీ వాళ్ల కంట పడకపోవడానికి కారణం కూడా నాకు అర్థమైంది. నెక్‌లైన్ కిందికి వాలి ఉంటే ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇదే చార్ట్‌లో పల్లాలు తారుమారై, మొదటిది 432, రెండోది 420 అనుకోండి. 44వ రోజుకు గీత 410కి దిగుతుంది, ఎత్తు అదే 54, సరైన టార్గెట్ 356. మీ టూల్ అప్పుడూ 360 అనే చెబుతుంది. నాలుగు రూపాయల తేడాను ఎవరు పట్టించుకుంటారు? రెండు పల్లాలూ ఒకే మట్టంలో ఉంటే తేడాయే ఉండదు. గీత పైకి వాలినప్పుడే అసలు గుట్టు బయటపడుతుంది. మీ పరీక్షల్లో అలాంటి చార్ట్‌లు కూడా పెట్టండి.

తర్వాత జరిగింది ఇదీ. నెక్‌లైన్ తెగాక ధర ఒకసారి వెనక్కి వచ్చి 443 దగ్గర ఆ గీతను కింది నుంచి తాకినంత పని చేసింది, అక్కడి నుంచి పడిపోయింది. 387 తాకి, అక్కడే నిలదొక్కుకుని, తిరిగి పైకి నడిచింది. 388 టార్గెట్ నెరవేరింది. ఎప్పుడూ ఇంత కచ్చితంగా వస్తుందని నేను అనను. కొన్ని షేర్లు టార్గెట్ దాకా రాకుండానే వెనుదిరుగుతాయి, కొన్ని దాటి పడతాయి. కానీ సరైన లెక్క చేతిలో ఉన్నవాడికి 388 దగ్గర ఆలోచించుకునే అవకాశం దొరికేది. మా బావమరిది మీ అలర్ట్ చూసి 446 దగ్గర ఫ్యూచర్స్‌లో అమ్మి కూర్చున్నాడు. 387 దగ్గర షేరుకు 59 రూపాయల లాభం కళ్ల ముందే ఉంది. "ఇంకా 27 రూపాయలు ఉంది బావా, యాప్‌లో 360 అని ఉంది కదా" అన్నాడు. తర్వాతి నెలకు రోల్ చేసుకుంటూ టెన్షన్‌తో గడిపి, చివరికి 441కి బయటపడ్డాడు. మిగిలిన ఐదు రూపాయలు రోలోవర్ ఖర్చులకే చాలలేదు.

మీ యాప్‌లోనే ఉన్న తెలుగు వీడియో పాఠంలో మీ టీచరు గారు ఏటవాలు నెక్‌లైన్ గీసి, తల నుంచి నిలువుగా కొలిచి, తెగిన చోటి నుంచే తీసివేశారు. అంటే మీకు తెలియని విషయం కాదు. పాఠం ఒకటి చెప్పి, డబ్బు తీసుకునే టూల్ మరొకటి చేస్తోంది.

కాబట్టి నేను కోరేవి ఇవి. నెక్‌లైన్‌ను రెండు పల్లాలనూ కలుపుతూ గీయండి, ఎత్తు తల కిందే కొలవండి, తెగిన చోటి నుంచే తీసివేయండి. క్లోజింగ్ దాని కింద రానంతవరకు "ఏర్పడుతోంది" అని మాత్రమే చూపించండి, అప్పటిదాకా టార్గెట్ వేయకండి. ఈ తప్పు ఉన్న పాత అలర్ట్‌లు అందుకున్న వాళ్లందరికీ సవరణ పంపండి. మా ఇద్దరి చందాల్లో మిగిలిన కాలానికి డబ్బు వాపసు ఇవ్వండి.

మీ ప్రకటనల కింద సెబీ రిజిస్టర్డ్ అని రాసుకున్నారు. మీ దగ్గర పరిష్కారం కాకపోతే ఇదే లేఖను, ఇవే చార్ట్‌లతో, సెబీ స్కోర్స్ పోర్టల్‌లో పెడతాను. అక్కడ పెట్టాక 21 రోజుల్లో మీరు బదులివ్వాలన్న నిబంధన మీకు తెలిసే ఉంటుంది. జవాబు ఫోన్‌లో వద్దు, ఈమెయిల్‌లో రాతపూర్వకంగా పంపండి.

జతచేసినవి: అలర్ట్ వచ్చిన రోజు, నెక్‌లైన్ తెగిన రోజు, 387 తాకిన రోజు చార్ట్‌లు, చందా రసీదులు రెండు.

ఇట్లు,
మీ చందాదారు