నోటీసుతో మొదలుపెట్టనివ్వండి

సంపాదకుడు గారికి,

పౌరశాస్త్రం ప్రాజెక్టు అనగానే ‘స్థానిక సంస్థల విధులు’ అనే అంశం ఇవ్వడం పాఠశాలల్లో ఆనవాయితీ అయింది. పిల్లలు నేరుగా కౌన్సిలర్ దగ్గరికి వెళ్లి విధులేమిటని అడిగితే, ఆయన పాఠ్యపుస్తకంలోని జాబితానే మళ్లీ చెప్పి పంపుతారు. దీనికి బదులు ఒకే ఒక బహిరంగ నోటీసును ఎంచుకొని, అది ఎటు తేలుతుందో చివరిదాకా చూడమనడం మేలని నా అభిప్రాయం.

ఒక వీధిని వన్‌వేగా మార్చే ప్రతిపాదనపై అభ్యంతరాలు కోరుతూ నోటీసు వెలువడిందనుకుందాం. అది ఏ నిబంధన కింద జారీ అయింది, ఎవరు సంతకం చేశారు, గడువు ఎప్పటితో ముగుస్తుంది అన్నవి విద్యార్థి ముందుగా రాసుకోవాలి. నోటీసు మీది తేదీ, దాన్ని బోర్డుకు అంటించిన తేదీ ఒకటే కానక్కర్లేదు. గడువు 15 రోజులై, అంటించడంలోనే 8 రోజులు గడిచిపోతే, అభ్యంతరం చెప్పదలచినవారికి మిగిలేది వారమే. ఈ ఒక్క లెక్కతోనే మంచి ప్రాజెక్టుకు దారి దొరుకుతుంది.

తర్వాత వార్డు సభ. అక్కడ చూసినదాన్ని, అనిపించినదాన్ని వేరువేరు వరుసల్లో రాయించాలి. ‘అధికారి నిర్లక్ష్యంగా ఉన్నారు’ అన్నది అభిప్రాయం; ‘ఐదుగురు ప్రశ్నలడిగితే ఇద్దరికే జవాబు వచ్చింది’ అన్నది పరిశీలన. మాట్లాడినవారి పేర్లు అక్కర్లేదు, దుకాణదారు, ఆ వీధి నివాసి అని రాస్తే చాలు. చర్చే లేకుండా అంశం నిమిషంలో ఆమోదం పొందితే ఎవరికీ పట్టలేదని తీర్మానించకూడదు. అసలు చర్చ అంతకుముందే ఏదైనా కమిటీలో జరిగి ఉండవచ్చు. వార్డు సభ చాలాచోట్ల సిఫారసు మాత్రమే చేస్తుంది, నిర్ణయం కౌన్సిల్‌దే అన్న సంగతీ మరువరాదు.

ఇంటర్వ్యూ చివరికి ఉంచాలి, ఎందుకంటే అడగవలసిన ప్రశ్న అప్పటికి గానీ తయారు కాదు. బడి బస్సులు ఎటు తిరగాలని సభలో ఒకరు అడిగారు, మినిట్స్‌లో ఆ మాటే లేదు, ఎందుకని? ఈ ప్రశ్నకు కౌన్సిలర్ కన్నా మినిట్స్ రాసే గుమాస్తా సూటిగా సమాధానం చెప్పగలరు (ఆయన్ను అడగాలని ఎవరికీ తోచదు). చాలా సంస్థల మినిట్స్‌లో తీర్మానాలే తప్ప చర్చంతా ఎక్కదు కాబట్టి, విద్యార్థి నోటుబుక్కే ఆ మాటకు మిగిలే ఆధారం కావచ్చు.

ఇందులో చిక్కు ఒకటుంది. కౌన్సిల్ సమావేశాల తేదీలు పాఠశాల గడువు కోసం ఆగవు. తీర్మానం రాకముందే ప్రాజెక్టు ఇవ్వవలసి వస్తే, ఫైలు ఎవరి వద్ద, ఏ దశలో ఉందో రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇచ్చేలా ఉపాధ్యాయులు ముందే నిర్ణయించుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరశాస్త్ర ఉపాధ్యాయుడు