బొగ్గు కరెంటుతో నడిచే కారుకు ‘సున్నా ఉద్గారాలు’ అనే ముద్ర ఎందుకు? రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఎలక్ట్రిక్ కార్ల ప్రకటనల్లో ‘సున్నా ఉద్గారాలు’ అన్న మాట ఎక్కువైంది. కారు వెనక పొగగొట్టం లేదు కాబట్టి అక్కడి వరకు నిజమే. కానీ కరెంటులో అధిక భాగం బొగ్గు నుంచి వస్తున్నప్పుడు ఆ పొగ పోయిందని కాదు, థర్మల్ కేంద్రం చిమ్నీకి మారిందని అర్థం. ఎలక్ట్రిక్ కార్లకు నేను వ్యతిరేకిని కాను. లెక్క మాత్రం పూర్తిగా వేయమంటున్నాను.

ఒక మామూలు చిన్న కారును తీసుకుందాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చమురు తోడడం, శుద్ధి చేయడం, రవాణా కలిపితే 2.8 కిలోల దగ్గరకు చేరుతుంది. లీటరుకు 16 కిలోమీటర్లు నడిచే కారుకు, కిలోమీటరుకు 175 గ్రాములు.

ఇప్పుడు అదే సైజు ఎలక్ట్రిక్ కారు. వంద కిలోమీటర్లకు బ్యాటరీ నుంచి 14 యూనిట్లు వాడుతుందనుకుందాం. కరెంటులో 70 శాతం బొగ్గుదైతే, గని దగ్గరి ఉద్గారాలతో కలిపి యూనిట్‌కు దాదాపు 0.72 కిలోలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో 15 శాతం, చార్జింగ్‌లో మరో 10 శాతం పోతే, బ్యాటరీలోకి చేరిన ప్రతి యూనిట్ వెనక 0.94 కిలోలు ఉంటాయి. అంటే కిలోమీటరుకు సుమారు 132 గ్రాములు. పెట్రోలు కన్నా 43 గ్రాములు తక్కువ. బొగ్గు కరెంటుతో కూడా ఎలక్ట్రిక్ కారు గెలిచింది, కానీ భారీ తేడాతో కాదు.

పైగా అది అప్పుతో మొదలవుతుంది. బ్యాటరీ తయారీలో ఒక్కో కిలోవాట్ అవర్ సామర్థ్యానికి 60 నుంచి 100 కిలోల ఉద్గారాలు వస్తాయి. సెల్ ఫ్యాక్టరీ ఏ కరెంటుతో నడుస్తుందనేదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. 75 కిలోల చొప్పున వేస్తే, 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీకి 3 టన్నులు. కిలోమీటరుకు 43 గ్రాముల చొప్పున ఆ అప్పు తీరాలంటే 70,000 కిలోమీటర్లు తిరగాలి. లక్షన్నర కిలోమీటర్ల జీవితకాలంలో చివరికి మిగిలే ఆదా మూడున్నర టన్నుల లోపే, అంటే 13 శాతం.

ఇదే పద్ధతిలో లీటరుకు 24 కిలోమీటర్లు ఇచ్చే హైబ్రిడ్ కారుకు కిలోమీటరుకు 117 గ్రాములు వస్తాయి. దాని ముందు మన ఎలక్ట్రిక్ కారు ఓడిపోతుంది. వంద కిలోమీటర్లకు 20 యూనిట్లు తాగే పెద్ద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీది 188 గ్రాములు. చిన్న పెట్రోలు కారు కన్నా ఎక్కువ! అయినా ప్రోత్సాహకాల్లో చిన్న ఎలక్ట్రిక్ కారునూ ఈ ఎస్‌యూవీనీ ‘ఎలక్ట్రిక్’ అనే ఒకే గాటన కట్టేస్తే, బరువైన కారు కొనేవారికి అనవసరంగా బహుమతి ఇచ్చినట్టవుతుంది.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది. పై 0.72 అనేది రోజంతటికీ వేసిన సగటు. ఇంటికొచ్చి రాత్రి ప్లగ్ పెడితే, ఆ అదనపు లోడును సౌర పలకలు మోయవు. ఎక్కువగా బొగ్గు విద్యుత్ కేంద్రాలే ఉత్పత్తి పెంచుతాయి. అప్పుడు మన చిన్న ఎలక్ట్రిక్ కారు అసలు లెక్క కిలోమీటరుకు 190 గ్రాముల దగ్గరకు వెళ్తుంది. మధ్యాహ్నం సౌర విద్యుత్ మిగిలిపోయే చోట, ఆ మిగులుతోనే చార్జ్ చేస్తే అందులో చిన్న వంతు కూడా ఉండదు. కారు అదే, బ్యాటరీ అదే. మారింది గంట మాత్రమే.

ఎలక్ట్రిక్ కారుకున్న అసలు బలం కూడా ఇక్కడే ఉంది. పెట్రోలు కారు పాతబడినా దాని లీటరు లెక్క 2.8 దగ్గరే నిలిచిపోతుంది. విద్యుత్తులో బొగ్గు వాటా 70 నుంచి 50 శాతానికి తగ్గితే, ఇప్పుడు రోడ్డెక్కిన ఎలక్ట్రిక్ కారు దానంతటదే 95 గ్రాముల దగ్గరకు వస్తుంది, హైబ్రిడ్‌ను కూడా దాటేస్తుంది. ఎవరూ ఇంజిన్ మార్చనక్కర్లేదు. కాబట్టి బొగ్గు ఉందన్న సాకుతో ఎలక్ట్రిక్ కార్లను ఆపేయమనే వారితో నేను ఏకీభవించను. పదిహేనేళ్లు తిరిగే కారుకు ఈ ఒక్క ఏడాది అంకెను ఆధారం చేసుకోవడం సరికాదు.

మీరు చేయవలసినవిగా నాకు తోచేవి ఇవి. షోరూంలో ప్రతి కారు మీద, పెట్రోలుదైనా ఎలక్ట్రిక్‌దైనా, ఇంధనం నుంచి చక్రం దాకా లెక్కించిన గ్రాములు, ఎలక్ట్రిక్‌దైతే దాంతోపాటు బ్యాటరీ తయారీ ఉద్గారాలు రాయించండి. ‘సున్నా’ అన్న మాటను ప్రకటనల నుంచి తీయించండి. ప్రోత్సాహకాన్ని వంద కిలోమీటర్లకు అయ్యే యూనిట్లతో ముడిపెట్టండి, ఎక్కువ తాగే కారుకు తగ్గించండి. విద్యుత్ శాఖతో కూర్చుని పగటిపూట చార్జింగ్ రేటు తగ్గించండి. పగలంతా కార్లు నిలిచి ఉండేది ఆఫీసుల దగ్గరే కాబట్టి, చార్జర్లను ముందుగా అక్కడ పెట్టించండి.

భవదీయుడు,
ఒక విద్యుత్ ఇంజినీరు