చుక్క రంగు చూడకుండానే ‘డెడ్ పిక్సెల్’ అంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

కొత్త మానిటర్‌లో చుక్క కనబడుతోందని తీసుకెళ్తే, కొన్న షాపులో ‘డెడ్ పిక్సెల్, వారంటీలో రాదు’ అని పంపేస్తున్నారు. తెర మీది బొమ్మను కూర్చే సన్నటి చుక్కల్లో ఒక్కోదాన్ని పిక్సెల్ అంటారు. అదే చుక్కను ‘పిక్సెల్ రిపేరు’ చేస్తామంటూ ఇంకోచోట డబ్బు తీసుకుంటున్నారు. తెనాలిలో కంప్యూటర్ల సర్వీసింగ్ నా వృత్తి. ఈ రెండు చోట్లా తిరిగి విసిగిపోయినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు కాబట్టి రాస్తున్నాను.

ఈమధ్య ఒక డిగ్రీ విద్యార్థి తెచ్చిన మానిటర్ సంగతే చెబుతాను. షాపులో దాన్ని డెడ్ అన్నారట. ముందు తెర తుడిచి, కంప్యూటర్‌లోని పెయింట్ ప్రోగ్రాములో ఒక్కో రంగుతో నింపిన బొమ్మలను తెర నిండా పెట్టి చూశాం. నలుపు మీద చుక్క ఆకుపచ్చగా మెరిసింది. తెలుపు పెట్టగానే కనబడకుండా పోయింది. ఎరుపు మీద పసుపుగా, నీలం మీద లేత నీలి ఆకుపచ్చగా తేలింది. ఆకుపచ్చ మీద మళ్లీ మాయం. అంటే ఆ పిక్సెల్‌లోని మూడు భాగాల్లో ఎరుపు, నీలం బాగానే పనిచేస్తున్నాయి, ఆకుపచ్చ మాత్రం ఆరడం మానేసింది. దీన్ని స్టక్ పిక్సెల్ అంటారు.

నిజమైన డెడ్ పిక్సెల్ దీనికి తలకిందులు. నలుపు మీద దాని జాడే ఉండదు, మిగతా రంగులన్నిటి మీదా నల్లగా ఉంటుంది. ఒక్కోసారి మూడింట్లో ఒక భాగమే ఆరిపోతుంది. ఎరుపు భాగం పోతే ఎర్ర తెర మీద నల్లచుక్క, తెల్ల తెర మీద నీలి ఆకుపచ్చ చుక్క. ఇక అంచులు మసకగా ఉండే బూడిదరంగు మచ్చ అయితే పిక్సెల్‌తో సంబంధం లేకపోవచ్చు. తెర వెనక వెలుతురు పొరల్లో దుమ్ము చేరినా అలాగే ఉంటుంది.

స్టక్ పిక్సెల్‌ను కదిలించడానికి రంగులు వేగంగా మార్చే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. ఆ కుర్రాడి మానిటర్ మీద చుక్క ఉన్నచోట ఒకటి పెట్టి అరగంట నడిపితే చుక్క పోయింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది, ఈసారి ఎంతసేపు నడిపినా కదల్లేదు. నా అనుభవంలో ఇది సర్వసాధారణం. చుక్క దగ్గర వెలుతురును ఆపుతూ వదులుతూ ఉండే ద్రవస్ఫటికాలు మొండికేస్తే ఆ కుదుపుకి సర్దుకోవచ్చు. కానీ దాన్ని నడిపే ట్రాన్సిస్టరే చెడితే ఏ ప్రోగ్రామూ ఏమీ చేయలేదు. పాత టీఎన్ రకం తెరల్లో విద్యుత్తు అందకపోతే చుక్క నల్లబడదు, వెలుగుతుంది. కాబట్టి వెలిగే చుక్కలన్నీ బాగవుతాయన్న భరోసా లేదు. డెడ్ పిక్సెల్‌కైతే తెర మార్చడమే మార్గం, చాలాసార్లు ఆ ఖర్చు కొత్త మానిటర్ ధరకు దగ్గరగా ఉంటుంది.

బట్ట చుట్టిన పెన్సిల్‌తో నొక్కమని చెప్పేవాళ్లూ ఉన్నారు. చుక్క పోకపోగా చుట్టూ తెల్లమచ్చ పడిన తెరలు నేను చూశాను. పైగా నొక్కిన గుర్తుంటే వారంటీ కూడా ఇవ్వరు. ఓఎల్ఈడీ ఫోన్లలో ఈ ద్రవస్ఫటికాలే ఉండవు, నొక్కి ఏం లాభం? మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రం ఆ మెరిసే రంగుల ప్రోగ్రాముల వైపు చూడకూడదు.

షాపులవాళ్లు చెప్పే ‘వారంటీలో రాదు’లో సగం నిజం ఉంది. 2001 నాటి ఐఎస్ఓ 13406-2 అనే అంతర్జాతీయ ప్రమాణం, మామూలు మానిటర్లు చాలావరకు చేరే రెండో తరగతి తెరకు 10 లక్షల పిక్సెళ్లకు పూర్తిగా వెలిగేవి రెండు, పూర్తిగా ఆరినవి రెండు, భాగం మాత్రమే చెడినవి ఐదు దాకా ఉండవచ్చంది. తర్వాత దాని స్థానంలో కొత్త ప్రమాణం వచ్చినా, కంపెనీల వారంటీ నిబంధనల్లో ఇలాంటి లెక్కలే ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ తెరలో సుమారు 20 లక్షల పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి మామూలుగా ఒక్క చుక్కకు తెర మార్చరు. అయితే వెలిగే చుక్కకూ నల్ల చుక్కకూ పరిమితులు వేరు. కొన్ని కంపెనీలు ఖరీదైన మోడళ్లలో వెలిగే చుక్క ఒక్కటి ఉన్నా మార్చి ఇస్తాయి. అలాంటి మోడల్ కొన్నవాళ్లకు ‘డెడ్’ అన్న ఒక్క మాట చెప్పి పంపేస్తే ఆ హక్కు పోయినట్టే కదా!

షాపులో బిల్లు వేసేముందు కొనేవాళ్ల ఎదుటే నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు పెట్టి చూపించాలి. ఐదు నిమిషాల పని. ఏ రకం చుక్క ఎన్ని ఉంటే మారుస్తారో అట్టపెట్టె మీదే తెలుగులో ముద్రించేలా పౌర సరఫరాలు, తూనికలు కొలతల శాఖలు కంపెనీలతో మాట్లాడాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వాపసు గడువు ముగిసేలోగానే ఈ పరీక్ష చేసుకుని ఫోటోలు తీసి ఉంచుకోవాలి. అయినా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసేటప్పుడు ‘చుక్క ఉంది’ అనకుండా ఏ రంగు తెర మీద ఏ రంగులో కనబడిందో చెప్పాలి.

– ఒక సర్వీసింగ్ మెకానిక్, తెనాలి